లోపలి మనిషి హక్కు



బౌరంపేట్, గండిమైసమ్మ, దుండిగల్ దిక్కు నుంచి వింటున్నవాళ్లకు పీర్ల పండుగ గురించి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఊరి పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, నిప్పులు చేసి, కులం మతం అడగకుండా అందరూ కుడకలు, ఊదు తెచ్చి మొక్కే పండుగ అది. మన పల్లెల్లో మొహర్రం అంటే ఊరుమ్మడి. కానీ అదే మొహర్రం హైదరాబాద్ పాతబస్తీకి పోయేసరికి ఒక చిన్న సమాజపు ప్రాణంలాంటి విషయమవుతుంది. దబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద అలం బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. ఆ ఊరేగింపు దారి మధ్యలో దారుల్‌షిఫా ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో అది దవాఖానా. నేడు నగరంలోని షియా ముస్లింల ముఖ్య కేంద్రాల్లో ఒకటి.

ఆ దారుల్‌షిఫాలో ఇబాదత్ ఖానా హుస్సేనీ అనే ప్రార్థనాలయం ఉంది. దాని తలుపు ఎవరికి తెరవాలి అన్న గొడవ హైకోర్టుకు చేరింది. తెలంగాణ హైకోర్టులో జస్టిస్ నగేశ్ భీమపాక 2023 డిసెంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు, 2024 జూలైలో తుది తీర్పు ఇచ్చారు. మత స్వేచ్ఛకూ మనిషి హక్కుకూ మధ్య ఢీ ఎక్కడ మొదలవుతుందో, దాన్ని తేల్చే దారులు ఏమిటో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకే ఈ పూట దీన్నే విప్పి చూద్దాం.

ముందు గొడవ ఏమిటో. షియాల్లో పన్నెండుమంది ఇమాములను నమ్మేవాళ్లలో రెండు పాయలున్నాయి. ఉసూలీలు పండితుడి తర్కానికి, అతని నిర్ణయానికి చోటిస్తారు. అఖ్బారీలు ప్రవక్త, ఇమాముల నుంచి వచ్చిన మాటలనే, అంటే అఖ్బార్‌నే ఆధారంగా పట్టుకుంటారు. లోకంలో ఉసూలీలదే పెద్ద సంఖ్య. అఖ్బారీలది అల్పసంఖ్యలో అల్పసంఖ్య. ఈ అఖ్బారీ వర్గానికి చెందిన ఒక రిజిస్టర్డ్ సంఘం కోర్టుకు వచ్చి అడిగింది ఇదీ: మా ఆడవాళ్లను ఇబాదత్ ఖానాలోకి రానివ్వండి, మజ్లిస్‌లు, జష్న్‌లు, ఇతర ప్రార్థనలు జరుపుకోనివ్వండి. మజ్లిస్ అంటే కర్బలా కథ చెప్పుకుని దుఃఖించే సభ. జష్న్ అంటే ఇమాముల పుట్టినరోజుల్లాంటి సంతోష సందర్భం. ఆలయ నిర్వాహకులు కుదరదన్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2007లోనే వక్ఫ్ బోర్డు ఉసూలీ ఆడవాళ్లు అక్కడ ప్రార్థనలు జరుపుకోవడానికి అనుమతించింది. అంటే ఆడవాళ్లు రాకూడదన్నది ఆ గోడల మధ్య సంపూర్ణ నియమం కాదు. ఫలానా ఆడవాళ్లు రాకూడదన్నదే అక్కడి నియమం.

ఇప్పుడు ఆలోచించండి. దీన్ని మతానికీ హక్కులకూ జగడం అంటే సరిపోతుందా? లోపలికి పోతామన్న ఆడవాళ్లు మతం వద్దనడం లేదు. మతం కావాలనే అడుగుతున్నారు. తలుపు దగ్గర అడ్డం నిలబడ్డవాళ్లూ మతం పేరే చెబుతున్నారు. రెండు వైపులా మత స్వేచ్ఛే. ఒకటి మనిషిది, ఇంకొకటి సమూహానిది. మన రాజ్యాంగం ఈ రెంటినీ రెండు వేర్వేరు అధికరణల్లో పెట్టింది. అసలు కష్టం ఆ రెండిటి మధ్య సందులో ఉంది.

ఇరవై అయిదో అధికరణ మనిషికి మత స్వేచ్ఛ ఇస్తుంది. కానీ దానికి ముందే షరతు పెడుతుంది: శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి, ఈ భాగంలోని ఇతర హక్కులకు లోబడి. ఇరవై ఆరో అధికరణ మత శాఖకు, అంటే సమూహానికి, మత వ్యవహారాలు తానే నడుపుకునే హక్కు ఇస్తుంది. దానికీ షరతులున్నాయి: శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం. అంతే. ఇతర హక్కులకు లోబడి అన్న మాట అక్కడ లేదు. మర్చిపోయి వదిలారా, కావాలనే వదిలారా అని న్యాయవాదులు డెబ్బై ఏళ్లుగా తన్నుకుంటున్నారు. సమూహం తరఫు వకీలు లేచి, "అయ్యా, మాకు సమానత్వం షరతు లేదు, కాగితం చూడండి" అంటాడు. చూస్తే నిజంగానే లేదు.

ఇది మొదటిసారి పెద్దగా తేలింది 1957లో, వెంకటరమణ దేవరు కేసులో. ముల్కి అనే ఊరి గుడి అది. మన ముల్కీ ఉద్యమానికి దానితో ఏ సంబంధమూ లేదు, అది మంగళూరు దగ్గరి ఊరు. గుడి గౌడ సారస్వత బ్రాహ్మణులది. హరిజనుల ఆలయ ప్రవేశ చట్టం తమకు వర్తించదు, తమది ఒక శాఖ, లోపలికి ఎవరు రావాలన్నది మత వ్యవహారమే అని వాదించారు. సుప్రీంకోర్టు వాళ్ల మాటలో సగం ఒప్పుకుంది. అవును, అది మత వ్యవహారమే అంది. అయినా హిందూ ప్రజాలయాలను అన్ని వర్గాల హిందువులకు తెరిచే అధికారం ఇరవై అయిదు రెండు బి లో ఉంది కాబట్టి అదే పైచేయి అంది. అక్కడితో ఆగలేదు. సంప్రదాయంగా ఆ శాఖవాళ్లకే పరిమితమైన కొన్ని ప్రత్యేక సేవల సమయంలో మిగతావాళ్లను బయట ఉంచవచ్చు, కానీ అలా ఉంచాక మిగిలే దర్శన హక్కు నామమాత్రం కాకూడదు అని చెప్పింది. నాకు ఆ తీర్పులో ఇదే నచ్చుతుంది. ఎవరి నమ్మకాన్నీ తిట్టలేదు, తలుపు మాత్రం తెరిచింది.

అయితే ఆ తాళంచెవి దారుల్‌షిఫాలో పనిచేయదు. ఇరవై అయిదు రెండు బి హిందూ మత సంస్థల గురించే చెబుతుంది. సిక్కు, జైన, బౌద్ధాలను కూడా అందులో కలిపి చూడమంటుంది. మసీదు, చర్చి, ఆషుర్‌ఖానాల మాట అందులో లేదు. కాబట్టి ఈ కేసులో న్యాయమూర్తి వేరే దారులు వెతుక్కోవలసి వచ్చింది. ఆయన పట్టుకున్నవి రెండు. ఒకటి, ఉసూలీ ఆడవాళ్లకు ఇచ్చి అఖ్బారీ ఆడవాళ్లకు ఇవ్వకపోవడం వివక్ష, పద్నాలుగో అధికరణకు విరుద్ధం. రెండు, ఆడవాళ్లు ప్రార్థనా మందిరంలోకి రాకూడదని ఖురాన్ ఎక్కడా చెప్పలేదు. ప్రకృతి సిద్ధమైన ఒక సమయాన్ని మినహాయిస్తే నిషేధం లేదు. 2018 నాటి శబరిమల తీర్పునూ ఆయన ఆధారంగా తీసుకున్నారు.

తీర్పు ఫలితంతో నాకు పేచీ లేదు. కానీ ఆ రెండో దారి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని కొంచెం ఓపికగా చెబుతాను.

గ్రంథం తెరిచి, అందులో నిషేధం ఉందా లేదా అని కోర్టు చూడటం మన దేశంలో 1954 నుంచి వస్తున్న పద్ధతి. షిరూర్ మఠం కేసులో, మతానికి ఏది ముఖ్యమో ఆ మత సిద్ధాంతాన్ని బట్టే చూడాలన్నారు. అది సమూహానికి అనుకూలంగా చెప్పిన మాట. 1961లో అజ్మీర్ దర్గా కమిటీ కేసు వచ్చేసరికి అది తిరగబడింది. మతంలో ముఖ్యమైనదేదో, తరువాత అంటుకున్న మూఢనమ్మకమేదో కోర్టే వడగట్టవచ్చు అన్న ధోరణి వచ్చింది. అప్పటి నుంచి న్యాయమూర్తి కాస్త పండితుడు కూడా అయ్యాడు.

దారుల్‌షిఫా కేసులో ఈ పద్ధతి ఏం చేసిందో చూడండి. ఆడవాళ్లు గెలిచారు. కానీ ఎందుకు గెలిచారు? గ్రంథం వద్దనలేదు కాబట్టి. రేపు ఇంకో శాఖ వచ్చి, మా గ్రంథం స్పష్టంగా వద్దంటోంది, ఇదిగో పేజీ అని చూపిస్తే అక్కడి ఆడవాళ్లు ఓడిపోవాలా? ఈ దారిలో నడిస్తే జవాబు అవునన్నట్టే వస్తుంది. ఒక ఆడమనిషి సమానత్వం ఆమె పుట్టిన మతపు గ్రంథంలో ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. పైగా మినహాయింపు కూడా వెంట వచ్చింది. నెలలో కొన్ని రోజులు పక్కన పెడితే అన్నది తీర్పులోకి ఎలా వచ్చింది? గ్రంథం దారి పట్టారు కాబట్టి, గ్రంథంలో ఉన్న మినహాయింపునూ మోయక తప్పలేదు. శబరిమలలో ఆ రోజుల పేరు మీద పదేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా అందరినీ ఆపడం అంటరానితనం లాంటిదని న్యాయమూర్తి చంద్రచూడ్ రాశారు. ఆ తీర్పును ఆధారం చేసుకున్న తీర్పులోనే ఆ మినహాయింపు కనిపించడం నాకు విచిత్రంగా తోస్తుంది.

మరి గ్రంథం తెరవకుండా తేల్చేదెలా? నా వాదన ఇది. కోర్టు రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఆ సమూహం ఎవరి బలంతో నడుస్తోంది? ఇష్టంలేని మనిషి బయటికి పోవాలంటే ఏం పోగొట్టుకోవాలి?

మొదటి ప్రశ్న ఇక్కడ తేలికే. వక్ఫ్ బోర్డు ప్రైవేటు సంఘం కాదు, 1995 వక్ఫ్ చట్టం కింద ఏర్పడిన సంస్థ. అది ఒక అనుమతి ఇచ్చిందంటే, ప్రభుత్వ అధికారం ఆ మేరకు ఆ గుమ్మంలోకి వచ్చినట్టే. ప్రభుత్వ అధికారంతో ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం పద్నాలుగో అధికరణ కిందికి వస్తుంది. ఖురాన్ తెరవనక్కర్లేదు. 2007 ఉత్తర్వును తెరిస్తే చాలు. న్యాయమూర్తి చెప్పిన మొదటి కారణం ఒక్కటే ఉన్నా తీర్పు నిలబడేదని నా నమ్మకం.

రెండో ప్రశ్న కష్టమైనది. సమూహపు నియమం నచ్చకపోతే బయటికి పో, ఎవరూ కట్టేయలేదు కదా అనేది సమూహాల తరఫున చెప్పే బలమైన వాదం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ బయటికి పోవడానికి ధర ఎంత?

కెనడాలో హటరైట్లు అనే క్రైస్తవ శాఖ ఉంది. ఆస్తి అంతా ఉమ్మడి, ఎవరికీ సొంతం ఏమీ ఉండదు. మానిటోబాలోని ఇంటర్‌లేక్ కాలనీలో కొందరు వేరే చర్చిలో చేరారు. ఆ చర్చి పేరు రేడియో చర్చ్ ఆఫ్ గాడ్. మనం రేడియోలోనే మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఆ పేరు చెప్పకుండా ఉండలేకపోయాను. కాలనీ వాళ్లను వెలివేసింది. మేం ఇన్నేళ్లు చేసిన చాకిరీకి మా వాటా ఇవ్వండి అని వాళ్లు కోర్టుకెక్కారు. 1970లో కెనడా సుప్రీంకోర్టు ఇవ్వనక్కర్లేదంది. నిబంధనలు తెలిసే చేరారు, ఆస్తి కాలనీదే అన్నది కారణం. ఒక్క న్యాయమూర్తి, పిజన్, ఒప్పుకోలేదు. పైసా చేతిలో లేకుండా పొమ్మంటే మతం మారే స్వేచ్ఛ ఉన్నట్టా అన్నది ఆయన అభ్యంతరపు సారం. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. దాటితే అన్నమూ లేదు, ఇల్లూ లేదు.

మన దగ్గర ఇదే ప్రశ్న దావూదీ బోహ్రాల కేసులో వచ్చింది. 1949లో బొంబాయి ప్రభుత్వం వెలివేతను నిషేధిస్తూ చట్టం చేసింది. బోహ్రాల మతపెద్ద దాన్ని సవాలు చేశారు. 1962లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒకవైపుగా చీలి, ఆ చట్టాన్ని కొట్టేసింది. వెలివేయడం శాఖ క్రమశిక్షణ, అది మత వ్యవహారం అంది. వెలిపడ్డవాడికి మసీదు ఉండదు, కబరస్తాన్ ఉండదు. తన తండ్రి సమాధి పక్కన తాను పడుకోలేడు. సిన్హా ఈ మనిషి వైపు నుంచి చూశారు. మన తెలంగాణ పల్లెల్లో కుల పంచాయితీ ఒక ఇంటిని వెలేస్తే నీళ్లు, నిప్పు బంద్ అయ్యే సంగతి ఎరిగినవాళ్లకు ఆయన మాట ఎందుకు బరువైనదో వేరే చెప్పాలా? ఆ తర్వాత మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం చేసింది. 1962 తీర్పు సరైనదేనా అన్నది 2023లో తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపారు. శబరిమల పునఃసమీక్షలో తేల్చమన్న ప్రశ్నలూ అలాంటి ధర్మాసనం ముందుకే పోయాయి.

ఇక్కడ ఎదుటి వాదనకు నేను న్యాయం చేయాలి, ఎందుకంటే అది తేలిక వాదన కాదు. ఎవరిని లోపలికి రానివ్వాలో ప్రభుత్వం నిర్ణయిస్తే, నేడు మంచి ఉద్దేశంతో చేసిన పని రేపు వేరే చేతుల్లో ఆయుధమవుతుంది. అల్పసంఖ్యాకులకు తమ వ్యవహారాలు తామే నడుపుకునే హక్కు అలంకారం కాదు, డాలు. అఖ్బారీలకే ఈ డాలు అందరికన్నా ఎక్కువ అవసరం. నాలుగు ఊళ్లలో నాలుగు ఇళ్లున్న పాయ అది. పెద్ద పాయ చేతిలో కలిసిపోకుండా నిలవడానికి సమూహ హక్కు తప్ప వాళ్లకు ఇంకేముంది? ఈ వాదన నిజం. కానీ దారుల్‌షిఫాలో ఆ డాలు ఎవరి చేతిలో ఉందో చూడాలి. అఖ్బారీ ఆడవాళ్ల చేతిలో లేదు. నిర్వాహకుల చేతిలో ఉంది, ఈ ఆడవాళ్ల ముందు అడ్డంగా ఉంది. చిన్న సమూహం లోపల ఇంకా చిన్న సమూహం, దాని లోపల ఆడవాళ్లు. బయటి దెబ్బ ఆపడానికి ఇచ్చిన డాలుతో లోపలివాళ్లను కొట్టకూడదన్నంతవరకే నా వాదన. అంతకుమించి, ఇమామ్‌గా ఎవరు నిలబడాలి, నౌహా ఎవరు చదవాలి, ప్రార్థన ఏ భాషలో జరగాలి, వీటిలోకి కోర్టు పోకూడదు. ముల్కి తీర్పు నాకు నచ్చిందన్నది అందుకే.

ఇది పాతబస్తీ సంగతి, మన దిక్కు ఏముంది అనుకునేవాళ్లకు ఒక మాట. బౌరంపేట్ చుట్టూ పొలాలు విల్లాలయ్యాయి. ప్రతి కాలనీకీ ఒక సంఘం, ప్రతి సంఘానికీ వినాయక చవితి. ఒక కాలనీలో సంఘం కార్యవర్గం పందిరి ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్ డబ్బులోంచే తీసిందనుకుందాం. ఒకాయన లేచి, మా ఇంటివాళ్లం ఇందులో లేము, మా వాటా తీయొద్దు అంటాడు. ఆయన క్రైస్తవుడు కావచ్చు, నాస్తికుడు కావచ్చు, ఆర్యసమాజీ కావచ్చు. చాలామంది వెంటనే రాజ్యాంగం ఇరవై ఏడో అధికరణ అంటారు. ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అది చెబుతుంది. కానీ అది పన్నుల మాట, మెయింటెనెన్స్ బిల్లు పన్ను కాదు, కాలనీ సంఘం ప్రభుత్వమూ కాదు. ఆయన పోవలసింది రిట్ పిటిషన్‌కు కాదు, సంఘం బైలాస్‌లోకి. మెయింటెనెన్స్ డబ్బు దేనికి ఖర్చు చేయవచ్చో అక్కడ రాసి ఉంటుంది. లిఫ్టు, వాచ్‌మన్, బోరు మోటరు అని రాసి ఉంటే, పందిరి అందులో పడదు. నేనడిగిన రెండు ప్రశ్నలు ఇక్కడా పనికొస్తాయి. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వస్తే ఆయన లేదనవచ్చు, తలుపు వేసుకోవచ్చు, పోయేదేమీ లేదు. అదే బిల్లులో కలిపితే, ఒప్పుకోకపోవడానికి ఇల్లు అమ్ముకుని పోవాలి. పూజ అదే, పందిరి అదే. పైసలు తీసిన తీరు ఒక్కటే మారింది, కానీ గొడవంతా అక్కడే ఉంది.

చివరగా బయటికి పోయే తలుపు గురించి ఇదే హైకోర్టు ఇచ్చిన ఇంకో తీర్పు. 2025 జూన్ 24న జస్టిస్ మౌషుమి భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల ధర్మాసనం ఖులా మీద తీర్పు చెప్పింది. ఖులా అంటే భార్య కోరుకుని పెళ్లి బంధం నుంచి బయటపడటం. ఆ కేసులో భర్త ఒప్పుకోలేదు. ఆమె ఒక షరియా మండలికి పోయి పత్రం తెచ్చుకుంది. అది చెల్లదని ఆయన కోర్టుకెక్కాడు. భార్య ఖులా కోరే హక్కుకు భర్త ఒప్పుకోలు షరతు కాదని, ముఫ్తీ ఇచ్చే పత్రం తప్పనిసరి కాదని, ముఫ్తీ అభిప్రాయం సలహా మాత్రమేనని, చట్టపరంగా అమలయ్యేది కాదని కోర్టు చెప్పింది. ఈ తీర్పు కూడా గ్రంథాన్ని తెరిచింది, ఆ అలవాటు ఇక్కడా పోలేదు. కానీ చేసిన పని వేరు. ముఫ్తీని పోవద్దనలేదు, షరియా మండలిని మూయమనలేదు. కావాలన్నవాళ్లు పోవచ్చు, సలహా తీసుకోవచ్చు. ఆ కాగితం లేకపోయినా ఆమె బయటపడగలగాలి, అంతే.

అడ్డు మొత్తం తొలగిందని కాదు. భర్త ఒప్పుకోకపోతే ఆమె మళ్లీ ఫ్యామిలీ కోర్టుకే పోవాలి. అక్కడ రాజీకి గట్టి ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగిచ్చేస్తానని ఆమె అన్నదా అని చూస్తారు. విచారణ క్లుప్తంగా ముగియాలని, పెద్ద సాక్ష్యాల తతంగం పెట్టకూడదని హైకోర్టు చెప్పింది. కింది కోర్టుల్లో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందన్నది వాయిదాల తేదీలను బట్టి తెలుస్తుంది. మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్లింట్లో గానీ అలాంటి కేసు నడుస్తుంటే, వకీలును అడగవలసిన మొదటి మాట ఖులా చెల్లుతుందా అని కాదు. విచారణ క్లుప్తంగా జరపాలన్న ఆ తీర్పు కాపీని పిటిషన్‌కు జతచేశారా అని అడగండి.